పాదం పైకి లేవడం లేదు, పక్షవాతమా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పాకాల దగ్గర పల్లె మాది. పన్నెండు రోజుల కిందట చేన్లో రెండు రోజులు గొంతుక్కూర్చుని చెనక్కాయలు పెరికాను. మర్నాడు పొద్దున లేస్తే ఎడమ పాదం పైకి లేవలేదు, చెప్పు జారిపోతోంది. మోకాలి కింద బయటివైపు మొద్దుబారింది. నొప్పి లేదు. షుగర్ ఉందని అన్నం మానేసి మూడు నెలల్లో 9 కిలోలు తగ్గాను. ఆర్ఎంపీ బీ12 ఇంజక్షన్లు వేస్తున్నాడు. పక్షవాతానికి నాటు మందు తాగమంటున్నారు. తాగొచ్చా? నడుముకు ఎమ్మారై తీయించాలా?

జవాబు: పన్నెండు రోజులు ఎందుకు ఆగారు? నొప్పి లేదు కాబట్టి ఆగి ఉంటారు. నరం నొక్కుకుపోయినప్పుడు చాలామందికి నొప్పి ఉండదు, అదే చిక్కు.

మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ మీరు రాసినదాన్ని బట్టి మోకాలి దగ్గర పెరోనియల్ నరం మీద ఒత్తిడి పడిందనిపిస్తోంది. మోకాలి బయటివైపు, కాస్త కిందగా తడిమితే గుండీలా ఒక ఎముక చేతికి తగులుతుంది. దాని కిందనే ఈ నరం ఎముకను చుట్టుకుని ముందుకు వస్తుంది. అక్కడ దాని మీద చర్మం, కొంచెం కొవ్వు తప్ప రక్షణ ఏమీ లేదు. గంటల తరబడి గొంతుక్కూర్చున్నా, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నా నరం అక్కడే నలుగుతుంది. మీరు మాటవరసకు రాసిన ఆ 9 కిలోలు నాకు ముఖ్యం. త్వరగా బరువు తగ్గితే ఆ కొవ్వు కూడా పోతుంది. పైగా షుగర్ ఉన్నవాళ్ల నరాలు చిన్న ఒత్తిడికే దెబ్బతింటాయి. అన్నం మానేసినందుకే తగ్గారా, షుగర్ అదుపు తప్పి తగ్గారా? పరగడుపున ఒకసారి, మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ ఒకసారి చేయించండి.

ఇక నడుము సంగతి. కుర్చీలో కూర్చుని, ఇంకొకరిని మీ పాదాన్ని చేత్తో పైకి ఎత్తి పట్టుకోమనండి. ఇప్పుడు అరికాలు లోపలివైపుకు తిప్పండి. బలంగా తిరిగితే, మునివేళ్ల మీద నిలబడగలిగితే, కానీ మడమల మీద నడవలేకపోతే, అనుమానం మోకాలి దగ్గరి నరం మీదికి పోతుంది. లోపలికి తిప్పడం కూడా బలహీనంగా ఉండి, నడుము నుంచి కాలిలోకి లాగుతూ నొప్పి ఉంటే, నడుములో నరం నొక్కుకుందేమో చూడాలి. అప్పుడే ఎమ్మారై. ఈ పరీక్ష డాక్టర్ చేతిలో చేయించుకుంటేనే నమ్మకం, మీరు ఇంట్లో చూసుకుని తేల్చేయకండి. అందరికీ ముందే ఎమ్మారై రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది, అది వేరే సంగతి.

మెదడు వల్ల వచ్చే పక్షవాతంలో సాధారణంగా చేయి, ముఖం, మాట కూడా దెబ్బతింటాయి. అవేవైనా ఉన్నా, మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ తిమ్మిరి వచ్చినా, రెండో కాలికి కూడా పాకినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. మొద్దుబారిన చోట చర్మం మీద రంగు మారిన మచ్చ ఉంటే అది కూడా చూపించండి. కుష్ఠు ఈ నరాన్ని కూడా పట్టుకుంటుంది. మందుతో నయమయ్యే జబ్బే.

నాటు మందు వద్దు. బీ12 లోపం ఉంటే ఆ ఇంజక్షన్ పని చేస్తుంది. లోపం లేకుండా వేస్తే నలిగిన నరం లేవదు. మీరు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఎక్కువ రోజులకు బీ12 తగ్గొచ్చు, అందుకే పరీక్ష చేసి వేయాలి. నాకు ఎక్కువ భయం వేడి కాపడం మీద. ఇలాగే పాదం వాలిపోయిన ఒకాయన రాత్రి వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకున్నారు, తెల్లారేసరికి మొద్దుబారిన పాదం మీద అరచేయంత బొబ్బ. షుగర్ ఉంది కాబట్టి ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది, పాదం ముందే లేచింది. గట్టి మర్దన, బిగుతు నీ క్యాప్ కూడా నరాన్ని ఇంకా నొక్కుతాయి.

ఈ వారమే న్యూరాలజిస్టును కలవండి. తిరుపతిలో ఉన్నారు, బెంగళూరు పోనక్కర్లేదు. నరం ఎక్కడ ఆగిందో తెలిపే నెర్వ్ కండక్షన్ పరీక్ష, కండరాల సూది పరీక్ష మూడు వారాలు దాటాక స్పష్టంగా తెలుస్తాయి, కాబట్టి తేదీ వాళ్లు చెబుతారు. పై పొర మాత్రమే నలిగి ఉంటే వారాల్లో, ఎక్కువగా మూడు నెలల్లోపు లేస్తుంది. లోపలి తీగ తెగి ఉంటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి, నెలలు పడుతుంది. మూడు నెలలకీ కదలిక లేకపోతే అక్కడ నీటి గడ్డ వంటిదేమైనా ఉందేమో స్కాన్‌లో చూస్తారు.

ఈలోగా గొంతుక్కూర్చోవద్దు, కాలు మీద కాలు వేయవద్దు. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. పాదాన్ని ఎత్తిపట్టే స్ప్లింటు ఫిజియోథెరపిస్టు కొలత తీసి ఇస్తారు. హవాయి చెప్పులు పక్కన పెట్టి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. మొద్దుబారిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, రోజూ రాత్రి పాదం కింద చూసుకోండి, కంటికి కనబడకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి.