నీ కథలో రమ ఈర్ష్య గురించి

చిరంజీవికి,

కథ అందింది, చదివాను. ఇంట్లో ఎవరికీ చెప్పుకోని ఇద్దరమ్మాయిల కొత్త ప్రేమలో తీపిని పక్కనపెట్టి ఈర్ష్యను పట్టుకున్నావు. అది నాకు నచ్చింది. ఇది నీ అనుభవమో ఊహో నేను అడగను, నువ్వు చెప్పనక్కర్లేదు. కానీ రమ ఈర్ష్యను నేను నమ్మలేకపోయాను. నీలిమ ఫోన్లో ఆమె స్నేహితురాలు శైలజ మెసేజ్ కనబడింది, రమ నిలదీసింది, ఏడ్చింది, ఇద్దరూ కలిసిపోయారు. నీలిమ బదులు అక్కడ ఒక అబ్బాయిని పెట్టినా కథలో ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు. లోపం అక్కడే ఉంది.

ఈ ఇద్దరి మధ్య ఈర్ష్య ఎక్కడ పుడుతుందో చూడు. ఫోన్ మోగినప్పుడు అమ్మ "ఎవరే?" అంటే నీలిమ "ఫ్రెండ్" అంటుంది. గొంతు మారదు, కళ్ళు తడబడవు. పక్కనే ఉన్న రమ ఆ నేర్పు చూసి చాలాసార్లు ఊపిరి పీల్చుకుంది. ఇద్దరినీ ఇన్నాళ్ళూ కాపాడుతున్నది ఆ నేర్పే. ఇప్పుడు అదే గొంతుతో నీలిమ "శైలజ వట్టి ఫ్రెండే" అంటే రమకు ఏం వినబడుతుంది? నీలిమ అబద్ధమాడుతోందని రుజువేమీ లేదు. కానీ ఆడితే ఎంత నున్నగా ఆడగలదో రమకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైగా ఆ ఇంట్లోకి తనూ స్నేహితురాలిగానే అడుగుపెట్టింది. ఆ దారిన ఎవరు ఎంత దూరం రావచ్చో తనకు బాగా తెలుసు. కథలో ఇదెక్కడా లేదు.

రెండోది, గొడవను నువ్వు పెట్టిన రోజు. ఇద్దరూ కలిసి ఉన్న ఆదివారం సాయంత్రం పెట్టావు. ఇలాంటి బంధాల్లో ఈర్ష్య ఎక్కువగా కమ్ముకునేది ఒకరు ఇంటికి వెళ్ళినప్పుడు. నీలిమ వారం రోజులుండడానికి ఇంటికి వెళ్ళిందనుకో. వెళ్ళేముందు చాట్ చెరిపేసింది, రమ నంబరును వేరే పేరుతో మార్చింది. మొదటి రోజు రెండు మెసేజ్‌లు వచ్చాయి, రెండో రోజు ఒకటి, మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజు శైలజ ఒక ఫోటో పెట్టింది. అందులో నీలిమ, నీలిమ వాళ్ళమ్మ, మధ్యలో శైలజ. నీ మెసేజ్ సన్నివేశం తీసేసి దీన్ని పెట్టు.

ఆ ఫోటో చూసిన రమలో రెండు బాధలు కలగలిసి ఉంటాయి. నీలిమ చేజారిపోతుందేమోనన్న భయం ఒకటి. శైలజ కూర్చున్న చోట తను ఎప్పటికీ అలా కూర్చోలేనన్న బాధ ఇంకొకటి. అక్కడ కూర్చోవాలంటే రమ తన ముఖాన్ని కూడా కాపలా కాయాలి. శైలజకు ఆ అవసరం లేదు. మొదటి బాధ అయితే నీలిమ "నాకు నువ్వే" అన్నప్పుడు కొంతైనా తగ్గుతుంది, ఒకటి రెండు రోజులైనా నిలకడ ఉంటుంది. రెండోదానికి ఆ మాట పనిచేయదు. అడిగి, విని, గంట తర్వాత మళ్ళీ అడుగుతుంది. లేదా అనుమానం మనిషిని మారుస్తుంది. నిన్న శైలజ, ఇవాళ ఆఫీసులో ఇంకెవరో. పేర్లు మారుతూ బాధ మాత్రం అలాగే ఉందంటే ఆ పేర్లలో ఎవరూ కారణం కాదు. పాఠకుడికి ఇది అర్థం కావాలి. రమకు అప్పుడే అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

ఇంకో సంగతి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మామూలుగా ఎవరైనా గొడవపడితే అక్కతోనో స్నేహితులతోనో చెప్పుకుంటారు. వాళ్ళలో ఒకరు "అతిగా ఆలోచిస్తున్నావు" అంటారు, లేదా "నీ అనుమానం నిజమే" అంటారు. రమకు ఆ మనిషి లేదు. తన అనుమానం విని ఓదార్చాల్సిందీ నీలిమే, ఆ అనుమానానికి జవాబు చెప్పుకోవాల్సిందీ నీలిమే. కొన్నాళ్ళకు నీలిమ అలసిపోతుంది. గొడవెందుకని శైలజతో టీ తాగిన సంగతి చెప్పడం మానేస్తుంది. అది రమకు తెలిసిపోతుంది. దాచింది కాబట్టి ఏదో ఉందనుకుంటుంది. ఏమీ లేనిచోట అనుమానానికి సాక్ష్యం ఇలా తయారవుతుంది. ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో రాసిన వ్యాసంలో, లైంగిక అల్పసంఖ్యాకులు మోసే అదనపు ఒత్తిళ్ళలో తమను తాము దాచుకోవడాన్నీ, తిరస్కారం ఎప్పుడొస్తుందోనని కాచుకుని ఉండడాన్నీ చేర్చాడు. రమ ఈ రెండూ మోస్తోంది. కాచుకుని ఉండడం అలవాటైన మనసు ప్రేమలోనూ కాచుకునే ఉంటుంది. నీలిమ కూడా మోస్తోంది. ఆమెను మరీ నిబ్బరంగా రాశావు. రమ ఏదో ఒకరోజు ఇంట్లోవాళ్ళు చూసిన పెళ్ళికి తలూపేస్తుందేమోనని నీలిమకు భయం లేదా? ఒక్క చోటైనా కనబడనివ్వు.

రెండు సన్నివేశాలు మాత్రం ఇలా ఉండకూడదు. నీలిమ ప్రేమకు గుర్తుగా ఫోన్ పాస్‌వర్డ్ ఇచ్చేసింది. ఆ ఫోన్‌లో ఆమె రహస్యం ఒక్కటే ఉండదు, ఆమెలాగే దాచుకుని బతుకుతున్న స్నేహితుల రహస్యాలూ ఉంటాయి. వాటిని ఇచ్చే హక్కు ఆమెకు లేదు. పైగా ఫోన్ చూడడం మొదలుపెట్టిన మనిషికి ఏమీ దొరకకపోతే చెరిపేశారేమోనన్న అనుమానం వస్తుంది, అందులోనూ నీలిమ చాట్‌లు చెరిపేస్తుందని ముందే తెలిసిన రమకు.

రెండోది, కోపంలో రమ అన్న మాట. "మీ ఇంట్లో చెప్పేస్తాను." తర్వాతి పేజీలోనే ఇద్దరూ కౌగిలించుకున్నారు. అది నోరుజారిన మాటగా సర్దుకుపోయేది కాదు, బెదిరింపు. ఆ మాట విన్నాక నీలిమ ఉండిపోతే ప్రేమతో ఉందో భయంతో ఉందో ఆమెకే తెలియదు. ఆ మాట ఉంచాలనుకుంటే కథ అక్కడినుంచి దారి మార్చుకోవాలి. నీలిమ ఎవరికి చెప్పుకోగలదు, ఇంట్లో తెలిసిపోతే ఎక్కడ ఉండగలదు, రమతో ఒంటరిగా ఉండడం క్షేమమేనా అన్నది రాయాలి. అదంతా రాయనంటే ఆ మాటే తీసెయ్యి.

వీళ్ళు కొంతైనా తేలికపడడం చూపించాలనుకుంటే, తర్వాతి ప్రయాణానికి ముందు ఇద్దరినీ కూర్చోబెట్టు. రోజుకొక్క మెసేజ్, ఎవరు చూసినా ఏమీ అనిపించని మాట. అది ఒక రోజు రాకపోతే మర్నాటి దాకా దానికి అర్థం వెతకకూడదు. తిరిగొచ్చిన సాయంత్రం, అడగకముందే నీలిమ అంతా చెప్పాలి, ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు, శైలజ వచ్చిందా అని. ఇద్దరికీ నమ్మకమైన ఒక్క మనిషికి తమ సంగతి చెప్పాలా అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. రమ తన గురించి చెప్పుకుంటే నీలిమ గురించీ చెప్పినట్టే కాబట్టి ఇద్దరూ ఒప్పుకోవాలి. ఈ ఒప్పందంతో గుండెలో పోటు పోదు. ఒక రోజు బంధువులెవరో పక్కనే కూర్చుని ఉంటారు, మెసేజ్ రాదు, రమ ఏదో టైప్ చేసి చెరిపేస్తూ ఉంటుంది. ఆ రాత్రిని తొందరపడకుండా రాయి.

ముగింపులో నీలిమ ధైర్యం చేసి ఇంట్లో చెప్పేసిందని రాశావు. తలదాచుకునే చోటూ డబ్బూ ఇంకా ఇంటి చేతిలో ఉన్న అమ్మాయి, ప్రియురాలి అనుమానం తీర్చడానికి ఆ పని చేయడాన్ని నేను ధైర్యం అనలేను. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నీలిమ తన కోసం తేల్చుకోవాలి. కథ అయ్యేసరికి అది తేలనక్కర్లేదు.

ముందు ఆ నాలుగో రోజు ఫోటో సన్నివేశం ఒక్కటి రాసి పంపు. మిగతాది దాన్ని చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.