v₀ ని అలాగే ఉంచు తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు భౌతికశాస్త్రం పుస్తకాన్ని తెలుగు చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ సూత్రాల్లోని గుర్తులను కూడా తెలుగు అక్షరాల్లోకి మారుస్తానన్నావట. అది విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది.

ద్రవ్యరాశి, త్వరణం, బలం అన్న మాటలు తెలుగులోనే రాయి. m, a, F ల జోలికి మాత్రం వెళ్ళకు. θ, λ లాంటి గ్రీకు అక్షరాలదీ అదే దారి.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ నీలాగే ఉత్సాహపడ్డాను. పిల్లలకు చేత్తో నోట్సు రాసి పంచాను. వేగానికి ‘వే’, మొదటి వేగానికి ‘వే₀’, త్వరణానికి ‘త్వ’, కాలానికి ‘కా’ అని పెట్టుకున్నాను. v = v₀ + at కాస్తా ‘వే = వే₀ + త్వకా’ అయింది. పరీక్షలో ఒక లెక్క ఇచ్చాను. 5 m/s వేగంతో పోతున్న స్కూటర్ 2 m/s² త్వరణంతో 4 సెకన్లు సాగితే చివరి వేగం ఎంత? 5 కి 8 కలిపి 13 m/s రావాలి. ఒక పిల్లవాడు 8 అని రాశాడు. పిలిచి అడిగితే, “అక్కడ ‘వేం’ అని ఉంది సార్, ఏదో రాతతప్పు అనుకుని వదిలేశాను” అన్నాడు. నా చేతిరాతలో ఆ చిన్న సున్నా కొంచెం పైకి జరిగింది. తెలుగు అక్షరం పక్కన సున్నా కనబడితే మన కన్ను దాన్ని పూర్ణానుస్వారంగానే చదువుతుంది. వాడి తప్పేముంది? ఇంకో పిల్ల ‘త్వకా’ అంటే ఏమిటని నిఘంటువులో వెతికింది. రెండు తెలుగు అక్షరాలు పక్కపక్కన పెడితే మాట అవుతుంది, గుణకారం అనిపించదు. తెలుగు వాక్యం మధ్యలో at కనబడితే ఆ గొడవ లేదు, అది రాశి అని చూడగానే తెలుస్తుంది. ఆ పిల్లలు ఇంటర్లో చేరి v₀ ని కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

“F = ma, ఇక్కడ m అంటే ద్రవ్యరాశి” అని ఇంగ్లీషు వరసలో రాయకు. “ద్రవ్యరాశిని m, త్వరణాన్ని a అనుకుంటే, బలం F = ma” అను. సూత్రం దగ్గరికి వచ్చేసరికి పిల్లలకు గుర్తులన్నీ తెలిసి ఉంటాయి. విభక్తిని గుర్తుకు అంటించకుండా ఖాళీ వదిలి రాయి. నోటితో చదివితే ఏది పలుకుతుందో అదే పెట్టు: v ని, m ను. ఆ ఖాళీ దగ్గర వరస విరగకుండా కంప్యూటర్‌లో చూసుకో. లేకపోతే ‘ను’ ఒంటరిగా కింది వరసలో పడుతుంది. ద్రవ్యరాశి m వాలుగా, మీటరు m నిటారుగా ఉండాలి. ఫాంటు మార్చినప్పుడు ఆ వాలు పోవచ్చు, మళ్ళీ సరిచూడు. బొమ్మల్లోని గుర్తులు కూడా సూత్రాల్లో ఉన్నట్టే ఉండాలి, చాలామంది మరిచిపోయేది అక్కడే.

రాత్రిళ్ళు మేలుకుని చేయకు. మొదటి అధ్యాయం అవగానే నాకు పంపు. కళ్ళజోడు మార్పించుకున్నాను, అడుగున వేసే చిన్న సున్నాలు కూడా బాగానే కనబడుతున్నాయి.

నీ పెద్దనాన్న