"ఏమో" అనే పిల్లాడిని అడగడం ఎలా

అమ్మాయీ,

బుజ్జిగాడు వారం నుంచి బడికి వెళ్లనంటున్నాడనీ, ఎందుకురా అంటే "ఏమో" అని మొహం తిప్పేసుకుంటున్నాడనీ రాశావు. అది మొండితనం అనుకోకు. నాలుగేళ్లవాడికి "ఎందుకు" చాలా బరువైన ప్రశ్న. జరిగింది గుర్తు తెచ్చుకోవాలి, అందులోంచి కారణం విడదీయాలి, దానికి మాటలు వెతుక్కోవాలి. పైగా మన ఇళ్లలో "ఎందుకు చేశావ్?" అనేది తిట్టబోయే ముందు వచ్చే మాట. వాడికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే "ఎందుకు" పక్కనపెట్టి "ఏం జరిగింది?", "అప్పుడేం చేశావ్?" అని అడుగు.

గుమ్మంలో బ్యాగు దించకముందే మొదలుపెట్టకు. ఏదైనా తిననీ, ఓ అరగంట ఆడుకోనీ. తర్వాత వాడున్న చోటికి నువ్వే వెళ్లి కింద కూర్చో. మోకాళ్లు నొప్పైతే ముక్కాలిపీట వేసుకో. నీ కళ్లు వాడి కళ్ల ఎత్తులోనో, కాస్త కిందో ఉండాలి. అలాగని మొహంలో మొహం పెట్టకు, బెదిరిన పిల్లాడికి మూలకి నెట్టినట్టుంటుంది. చెయ్యి చాపితే అందేంత దూరం చాలు. గడ్డం పట్టుకుని "నా కళ్లలోకి చూసి చెప్పు" అనడం అసలే వద్దు. కొందరు పిల్లలు ఎదురుగా కంటే పక్కన కూర్చుంటేనే మాట్లాడతారు. ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగి చూడు. ఫోను బోర్లా పెడితే సరిపోదు, వేరే గదిలో ఉంచు.

అడిగాక ఆగడమే అన్నిటికన్నా కష్టం. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త తరగతి గదుల్లో గమనిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక ఆగేది దాదాపు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేసేసరికి పిల్లల జవాబులు పొడుగయ్యాయి. ఇంట్లో మన బుజ్జిగాడి వయసుకి నేనైతే ఐదు అంటాను. మనసులో నెమ్మదిగా ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టు. ఈలోగా "అదేరా, బడిలో ఎవరైనా..." అని ప్రశ్న మార్చావా, వాడు పోగుచేసుకున్నదంతా వదిలేసి మళ్లీ మొదటికొస్తాడు. మాటలు తడబడినా నువ్వు పూరించకు.

మాట ఇలా సాగుతుందనుకో.

"బడిలో నీకు నచ్చంది ఏంటి నాన్నా?"

(ఐదు లెక్కపెట్టావు.) "నిక్కరు."

ఇక్కడే చాలామంది "నిక్కరేంట్రా!" అని నవ్వేస్తారు. మాట అక్కడితో ఆగిపోతుంది. వాడి మాటనే తిరిగి ఇవ్వు: "నిక్కరా..."

"కొత్తది. హుక్కు రాదు."

"హుక్కు రాకపోతే ఏమైంది?"

"పాస్... తడిసింది. అందరూ చూశారు."

ఇప్పుడు వెంటనే "ఆయాని పిలవాలిగా!" అని పాఠం మొదలుపెట్టకు. "హుక్కు రాలేదు, తడిసిపోయింది, అందరూ చూశారు. సిగ్గేసిందా?" అను. తల ఊపితే చాలు. సిగ్గు అన్న మాట నువ్వు అందించావు గనక, కాదంటే వదిలెయ్యి.

దీనికి బదులు "టీచర్ కొట్టిందా? పక్కవాడు గిల్లాడా?" అని వరసగా అడిగితే ఏదో ఒకదానికి తల ఊపేస్తాడు. నువ్వు బడికెళ్లి గొడవపడతావు, హుక్కు మాత్రం అలాగే ఉంటుంది. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వేసినా అంతే. మొదటి జవాబు తప్పేమో అనుకుని మార్చేస్తాడు, మనం అబద్ధమంటాం. "నిన్న" అన్నాడని తేదీ పట్టుకోకు. ఆ వయసులో నిన్నంటే పోయిన వారం కూడా కావచ్చు. "అన్నం తినకముందా, తిన్నాకా?" అంటే చెప్పగలడు.

ఒకవేళ ఎవరో కొట్టారనో, ఒంటిమీద తాకకూడని చోట తాకారనో వాడంతట వాడే చెబితే, మొహంలో కంగారు కనపడనీయకు. "చెప్పి మంచి పని చేశావు" అను. గుచ్చి గుచ్చి అడగొద్దు. నువ్వు అడిగిన ప్రశ్న, వాడు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకుని 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల హెల్ప్‌లైన్.

హుక్కు సంగతే అయితే ఆ రాత్రే వాడి ముందే దాన్ని తీసేసి నడుముకి ఎలాస్టిక్ కుట్టు. వాడి చేత రెండుసార్లు లాగించి చూడు. చెప్పినందుకు పని జరిగిందని కళ్లారా చూస్తే రేపు ఇంకోటి చెబుతాడు. సాయంత్రం వచ్చిన చుట్టాలకి మాత్రం "మావాడు నిక్కరు తడుపుకున్నాడు" అని వాడి ఎదుట చెప్పి నవ్వకండి. మీ అత్తగారికి కూడా ముందే చెప్పి ఉంచు, ఆవిడకి ఇలాంటివి పంచుకోవడం సరదా.

ఏమీ చెప్పకపోతే పట్టుబట్టకు. "గుర్తొస్తే చెప్పు" అని వదిలెయ్యి. చాలామంది పిల్లలకి లైటు ఆర్పాకే గుర్తొస్తుంది. ఆ వేళ నిద్ర ముంచుకొస్తున్నా ఓ పది నిమిషాలు పక్కన పడుకో.

మీ పెద్దమ్మ