నీళ్ల కనెక్షన్ ఉత్తరం రాసే ముందు

చిన్నీ,

నీళ్ల కనెక్షన్ దరఖాస్తు ఏమైందో కనుక్కోవడానికి మున్సిపల్ ఆఫీసుకు నువ్వే ఉత్తరం రాస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. సంతోషమేసింది. ఆ వెంటనే టెన్షనూ పట్టుకుంది, నీ కోపం నాకు తెలుసు కదా!

పేరు, ఫోన్ నంబరు, చిరునామా ఎలాగూ రాస్తావు. దరఖాస్తు రసీదు మీదున్న నంబరూ, తేదీ మాత్రం ‘విషయం’ అన్న చోటే రాయి. చాలాకాలం టపా సెక్షన్‌లో కూర్చున్నవాణ్ని, చెబుతున్నాను విను. నంబరు లేని ఉత్తరాన్ని ఏ ఫైల్లో పెట్టాలో అక్కడ ఎవరికీ తెలియదు. దానికో కొత్త నంబరు పడి వేరే దారిన పోతుంది.

మీ మావయ్యకు జరిగింది అదే. నీళ్లకు పడుతున్న అవస్థంతా రెండు పేజీలు రాశాడు గానీ, రసీదు నంబరు రాయలేదు. ఆఫీసులో దాన్ని నీళ్లు రావడం లేదన్న ఫిర్యాదు అనుకుని మరమ్మతుల వాళ్లకు పంపారు. వాళ్లొచ్చి చూసి, ‘ఈ ఇంటికి కనెక్షనే లేదు’ అని రాసి ఫిర్యాదు మూసేశారు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మీ అత్తయ్య ఏడ్చింది. అసలు ఫైలేమో అప్పటికే చాలా దూరం వెళ్లింది. ఇల్లు చూసి, ఖర్చు అంచనా వేసి, డబ్బు కట్టమని నోటీసు కూడా పంపారు. అది ఆయన ఖాళీ చేసిన అద్దింటికి చేరింది. గడువు దాటినా డబ్బు రాలేదని ఫైలు పక్కన పెట్టారు. వాళ్లు చెయ్యట్లేదని ఈయన, ఈయన కట్టలేదని వాళ్లు!

అందుకే ‘ఎప్పుడిస్తారు’ అని మాత్రమే అడగకు. ‘త్వరలో’ అంటారు, అంతే. ఇలా రాయి:

“నా దరఖాస్తు ప్రస్తుతం ఏ దశలో, ఏ సెక్షన్‌లో ఉందో తెలియజేయగలరు. ఇంటి తనిఖీ పూర్తయిందా? రోడ్డు తవ్వడానికి అనుమతి అవసరమైతే, దానికోసం రాశారా? డబ్బు కట్టమని గానీ, కాగితాలు తెమ్మని గానీ నాకు నోటీసు పంపి ఉంటే, దాని తేదీ, పంపిన చిరునామా తెలిపి, నకలు ఇప్పించగలరు.”

ఇలా అడిగితే ఫైలు తీసి చూడకుండా జవాబు రాయడం కష్టం. నీ వైపు బాకీ ఏదైనా ఉంటే అదీ బయటపడుతుంది.

రసీదు జిరాక్స్ జత చెయ్యి. అసలుది ఎవరడిగినా చేతిలో పెట్టకు, చూపించి వెనక్కి తీసుకో. ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకో. ముద్ర లేకుండా ‘ఇచ్చి వెళ్లమ్మా’ అంటే కదలకు. నువ్వు మొహమాటపడి వచ్చేస్తావేమోనన్నదే నా భయం.

ఇచ్చేముందు ఫోటో తీసి నాకు పంపు. ఘాటుగా ఉన్న వాక్యాలు కొట్టేస్తాను, అలగకూడదు మరి.

బాబాయి