ఫోన్ ‘గేట్ యాక్టివ్’ అంటోంది, వెళ్లొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల ఇటలీ వెళ్తున్నాం, అక్కడ కారు అద్దెకి తీసుకుంటాం. నిరుడు వెళ్లొచ్చిన మా తోడల్లుడు ఒక ఫొటో పంపాడు. ఎర్ర అంచున్న తెల్ల గుండ్రం బోర్డు, దాని కింద ఏవో బొమ్మలు, టైములు, పక్కన లైట్ల బోర్డు మీద VARCO ATTIVO అని ఉంది. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేస్తే ‘గేట్ యాక్టివ్’ అని వచ్చింది. అంటే గేటు తెరిచే ఉంది, వెళ్లొచ్చనేనా? – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వెళ్లకూడదండీ, సరిగ్గా దానికి రివర్సు. ఫోన్ తప్పేమీ చెప్పలేదు, మాటకి మాట కరెక్టే, కానీ అక్కడ యాక్టివ్‌గా ఉన్నది దారి కాదు, కెమెరా. VARCO ATTIVO అని వెలిగిందంటే నిషేధం ఇప్పుడు అమల్లో ఉంది, లోపలికి వచ్చే ప్రతి బండి నంబరూ కెమెరా చదువుతోంది అని అర్థం. మధ్యలో NON చేరి VARCO NON ATTIVO అని ఉంటేనే మామూలు బండ్లు వెళ్లొచ్చు. ఆ మూడక్షరాల కోసమే వెతకండి.

మీ ఫొటోలో పైనున్న ZTL అన్న మూడక్షరాల్ని మీరు పట్టించుకున్నట్టు లేరు. పరిమిత ట్రాఫిక్ ప్రాంతం అన్న ఇటాలియన్ మాటకి అది పొట్టి పేరు. రోమ్, ఫ్లోరెన్స్, బొలోన్యా, పీసా లాంటి ఊళ్లలో పాత బస్తీలోకి అక్కడ ఉండేవాళ్ల బండ్లు, పర్మిట్ ఉన్న బండ్లు తప్ప మిగతావి ఫలానా వేళల్లో రాకూడదు. ఎర్ర అంచు, ఖాళీ తెల్ల గుండ్రం మన దగ్గరా ఉన్న గుర్తే, బండ్లకు ప్రవేశం లేదని. తేడా ఒక్కటే, విజయవాడ బీసెంట్ రోడ్డు మొదట్లో అయితే ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టి ‘ఎక్కడికండీ’ అంటారు, అక్కడ అడ్డుగేటూ ఉండదు, విజిలూ వినపడదు, హాయిగా వెళ్లిపోతాం, ఏమీ జరగలేదనుకుంటాం.

ఇక ఆ బొమ్మల సంగతి. కెమెరా ట్రాన్స్‌లేషన్ అక్షరాల్నే చదువుతుంది, బొమ్మల్ని వదిలేస్తుంది, మీ స్క్రీన్‌షాట్‌లో జరిగింది అదే. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు పనిదినాలకి గుర్తు, శిలువ ఆదివారాలకీ సెలవులకీ గుర్తు. మీ బోర్డులో సుత్తుల పక్కన 7.30–19.30 అని ఉంది, శిలువ అసలు లేదు. కాబట్టి పనిదినాల్లో ఉదయం ఏడున్నర నుంచి సాయంత్రం ఏడున్నర దాకా ప్రవేశం లేదు, ఆదివారం ఈ బోర్డు వరకు ఫర్వాలేదు. మరి శనివారం? మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఇటలీ లెక్కలో సుత్తులంటే సోమవారం నుంచి శనివారం దాకా. ఎక్కడైనా బొమ్మకి బదులు feriali అని మాటే రాసి ఉంటే ఫోన్ దాన్ని ‘వీక్‌డేస్’ అని చూపించవచ్చు, మనం శనివారం సెలవనుకుని దూరిపోతాం. అడుగున ఉన్న eccetto autorizzati అంటే అనుమతి ఉన్నవాళ్లు తప్ప అని, అందులో మీరు లేరు.

మా బంధువు ఒకాయన ఇలాగే మ్యాప్ చూపించిన దారిలో లోపలికెళ్లి, ఇంటికొచ్చిన కొన్ని నెలలకి కార్డు మీద ఏదో కట్ అయితే మోసం అనుకుని బ్యాంకుకి ఫోన్ చేశాడు. తీరా చూస్తే అది జరిమానా కూడా కాదు, ఈయన వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు అద్దె కంపెనీ వేసుకున్న ఫీజు! అసలు జరిమానా కాగితం తర్వాత విడిగా వచ్చింది. విదేశాల్లో ఉండేవాళ్లకి నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల గడువిస్తుంది, అందుకే అంత ఆలస్యం. కాగితం అందిన 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది. మ్యాప్ చెప్పిందండీ అంటే అక్కడ వినరు.

బయల్దేరే ముందు గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఇటాలియన్ డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కెమెరాని ఊరికే బోర్డు మీద ఆడిస్తే మాటలు వణుకుతూ మారిపోతుంటాయి, అందుకని ఫొటో తీసి, బోర్డు మటుకు కత్తిరించి, అప్పుడు చదివించండి. ఫొటో తీసేది పక్క సీట్లో మేడమ్‌గారు, డ్రైవింగ్‌లో మీరు కాదు. నిజానికి బోర్డు దాకా వచ్చాక అంత టైము ఉండదు, వెనక హారన్లు మొదలవుతాయి, కాబట్టి మీ హోటల్ ఆ ZTL లోపల ఉంటే ముందే వాళ్లకి మెయిల్ పెట్టి మీ బండి నంబరు రిజిస్టర్ చేయించగలరా అని అడగండి. చాలా ఊళ్లలో హోటళ్లు ఆ పని చేస్తాయి. అయితే నంబరు మీకు కారు చేతికొచ్చాకే తెలుస్తుంది కదా, అది రాగానే పంపి, నమోదైందని జవాబు వచ్చాకే లోపలికి వెళ్లండి. వాళ్లు కుదరదంటే కారు బయట పార్కింగ్‌లో పెట్టేసి పెట్టెలు ట్యాక్సీలో తీసుకెళ్లండి.