‘లోన్ సగం తీరాక’ అంటే లెక్కలో ఎన్నేళ్లు?

ప్రశ్న: నాకు 32, మా వారికి 35. హైదరాబాద్‌లో ఇద్దరం ప్రైవేటు ఉద్యోగాలే. చేతికి నాకు 68 వేలు, ఆయనకు 82 వేలు వస్తాయి. రెండేళ్ల కిందట 40 లక్షల హోమ్ లోన్‌తో ఫ్లాట్ కొన్నాం. ఇరవై ఏళ్లకు, 8.5 శాతం వడ్డీ, ఈఎంఐ 34,700. కారు లోన్ 11,500 ఇంకో పది నెలలుంది. ఇంటి ఖర్చు 48 వేలు, అత్తయ్య, మావయ్యలకు 12 వేలు పంపుతాం, సిప్ 20 వేలు. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. నాకు ఇప్పుడే బిడ్డ కావాలి. ఆయనేమో నాలుగేళ్లు ఆగుదాం, లోన్ సగం తీరనీ అంటారు. ఈమధ్య ‘అసలు పిల్లలు తప్పనిసరా’ అని కూడా అన్నారు. మా గొడవకు లెక్కల్లో ఏమైనా దారి ఉందా?

జవాబు: లెక్క మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఇద్దరూ వేరువేరు కాగితాల మీద, ఒకరిది ఒకరు చూడకుండా, ఒకే ప్రశ్నకు జవాబు రాయండి: రేపు ఉదయానికి లోన్ మొత్తం తీరిపోతే బిడ్డ ఎప్పుడు కావాలి? మీ వారు ‘వెంటనే’ అనో ‘ఏడాదిలో’ అనో రాస్తే మీది డబ్బు గొడవ, కింది లెక్క పనికొస్తుంది. ‘అప్పుడు కూడా వద్దు’ అని రాస్తే అది లోన్ గొడవ కాదు. సగం లోన్ ఉంటుంది గానీ సగం బిడ్డ ఉండదు. అలాంటప్పుడు ఏ ప్లానరూ మీకు అంకెలతో న్యాయం చెప్పలేరు. దంపతుల కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, ఆ మాట తేలేవరకు పెద్దవాళ్లను మధ్యలోకి తేకండి. ఆయన ‘తెలియదు’ అని రాసినా పర్వాలేదు. చాలామంది మగవాళ్లకు ఆ ‘తెలియదు’ వెనక ఉండేది నెల తిరగదేమోనన్న భయమే.

ఇప్పుడు లోన్ సంగతి. కేవలం ఈఎంఐలే కడుతూ పోతే ఈరోజు మీ బాకీ దాదాపు 38.3 లక్షలు. ఇంకో నాలుగేళ్ల తర్వాత 34 లక్షలు. నాలుగేళ్లలో 16 లక్షల 65 వేలు కట్టినా అసలు తగ్గేది 4.3 లక్షలే, ఎందుకంటే తొలి ఏళ్ల ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. బాకీ 20 లక్షలకు దిగడానికి ఇంకా పన్నెండేళ్లు పడుతుంది. అప్పటికి మీకు 44. అంటే ‘నాలుగేళ్లు’, ‘లోన్ సగం’ అనే ఆ రెండు మాటలూ ఒకచోట కలవవు. ఇది ఆయనకు బహుశా తెలియదు. ఆయన్ని తప్పు పట్టకుండా, బ్యాంకు యాప్‌లో ఉండే కంతుల షెడ్యూలు తెరిచి ఇద్దరూ కలిసి చూడండి.

ఆయన వైపు న్యాయం కూడా చెప్పాలి. ఈఎంఐ పైన నెలకు మరో 24,700 ముందస్తుగా కడితే నాలుగేళ్లలో బాకీ నిజంగానే 20 లక్షలకు వస్తుంది. అది మీకు కాగితం మీద సాధ్యమే. ఇద్దరి జీతాలు కలిపి లక్షా యాభై వేలు, తప్పని ఖర్చులు 1,06,200. మిగిలేది 43,800. అందులో సిప్ పోగా ప్రతి నెలా 23,800 ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు. ఆ డబ్బు ఎటు పోతోందో ఇద్దరూ కనిపెట్టడమే సగం పని.

కానీ ఆయన భయం ఉద్యోగం పోవడం గురించైతే ముందస్తు చెల్లింపు దానికి మందు కాదు. చాలా బ్యాంకుల్లో ముందే కట్టిన డబ్బు గడువును తగ్గిస్తుంది, మీరు ప్రత్యేకంగా అడిగితే తప్ప ఈఎంఐ తగ్గదు. ఉద్యోగం పోయిన నెలలో కూడా అదే 34,700 కట్టాలి, కట్టేసిన డబ్బు వెనక్కి రాదు. ఓవర్‌డ్రాఫ్ట్ రకం హోమ్ లోన్ అయితేనే ఆ డబ్బును తిరిగి తీసుకోవచ్చు. మీది ఆ రకమో కాదో బ్యాంకును అడగండి. కాకపోతే చేతిలో ఉండే నగదే ఆ భయానికి జవాబు.

ఆ నగదు ఎంత ఉండాలో చూద్దాం. ప్రైవేటు ఆసుపత్రిలో పరీక్షలు, స్కానింగులు, కాన్పు కలిపి 2.25 లక్షలు అనుకుందాం. సిజేరియన్ వస్తుందనే లెక్క వేసుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆఫీసు గ్రూపు పాలసీ 50 వేలు ఇస్తుందనుకుంటే మీ చేతినుంచి 1.75 లక్షలు. బిడ్డ సామాన్లు, తొలి టీకాలకు 50 వేలు. ఇవన్నీ అంచనాలే, మీరు వెళ్లే ఆసుపత్రి ప్యాకేజీ అడిగి సరిచేసుకోండి.

తర్వాత జీతం రాని నెలలు. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఆ తర్వాత మరో తొమ్మిది నెలలు మీరు జీతం లేకుండా ఇంట్లో ఉన్నారనుకుందాం. అప్పటికి కారు లోన్ తీరి ఉంటుంది కాబట్టి తప్పని ఖర్చులు 94,700, బిడ్డకు 12 వేలు కలిపితే 1,06,700. ఆయన జీతం 82 వేలు. లోటు నెలకు సుమారు 25 వేలు, తొమ్మిది నెలలకు 2.25 లక్షలు. ఆ నెలల్లో సిప్ ఆపుతాం. అన్నీ కలిపితే 4.5 లక్షలు. మీ ఇంట్లో ‘సెటిల్ అవ్వడం’ అనే మాటకు ఉన్న ఖరీదు ఇంతే. ఎఫ్‌డీలోని 3 లక్షలు ముట్టకూడదు, అది ఆపద సొమ్ము. కారు లోన్ తీరాక మిగిలే 11,500లో కొంత అందులోకే మళ్లించండి, నాలుగు నెలల ఖర్చుకు చేరేదాకా.

ఆ 4.5 లక్షలు పోగుచేసే పద్ధతి మీ ఇద్దరి వాదననూ పరీక్షిస్తుంది. బిడ్డ పుట్టి, మీరు ఉద్యోగంలోకి తిరిగి వెళ్లాక నెల ఖర్చు ఎంత పెరుగుతుంది? బిడ్డకు 12 వేలు, ఆయాకో డేకేర్‌కో 18 వేలు, మొత్తం 30 వేలు. ఆ 30 వేలను వచ్చే నెల నుంచే కట్టడం మొదలుపెట్టండి. ఇద్దరి పేరు మీద కొత్త పొదుపు ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడే దానంతటదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు వద్దు, యూపీఐకి కలపవద్దు. సిప్‌ను ప్రస్తుతానికి 13,800కు తగ్గించుకోవాలి. ఆరు నెలలు ఇలా నడపండి, ఆ ఆరు నెలల్లో దసరానో సంక్రాంతో ఒక పెద్ద పండగ, కుదిరితే ఒక దగ్గరి పెళ్లి పడేలా చూసుకోండి. పండగ లేని ఆరు నెలలు ఏ ఇంట్లోనైనా అబద్ధం చెబుతాయి.

ఈ రిహార్సల్ ఎక్కడ చెడిపోతుందంటే, 30 వేలు ఠంచనుగా వెళుతుంటాయి, ఇటు క్రెడిట్ కార్డు బిల్లు పెరుగుతుంటుంది, ఫ్రిజ్‌కో ఫోన్‌కో కొత్త కంతు మొదలవుతుంది. అందుకని ప్రతి నెలా ఖాతా నిల్వలోంచి కార్డు బాకీ, మిగిలిన కొత్త కంతులు తీసేసి చూడండి. ఆరో నెలాఖరుకు ఆ నికరం 1.6 లక్షలు దాటితే మీ ఇల్లు బిడ్డ ఖర్చు మోయగలదని ఆయనకు అంకె చెబుతుంది, మీరు చెప్పక్కర్లేదు. లక్షలోపు ఆగిపోతే ఆయన భయంలో నిజముంది. అప్పుడు ముందుగా తగ్గించాల్సింది ఆ 48 వేల ఇంటి ఖర్చును, మీ ఆశను కాదు. మధ్యలో ఉంటే ఇంకో మూడు నెలలు నడపండి.

ఆరు నెలల తర్వాత ప్రయత్నం మొదలుపెట్టి, వెంటనే నెల తప్పినా కాన్పు పదిహేనో నెలలో. పదిహేను నెలలకు నెలకు 30 వేల చొప్పున సరిగ్గా 4.5 లక్షలు. గర్భం ఆలస్యమైతే ఖాతా ఇంకా నిండుతుంది.

ఈ ఆరు నెలల్లోనే ఇద్దరూ ఒకసారి వైద్య పరీక్ష చేయించుకోండి: మీకు ఏఎంహెచ్, స్కానింగు, ఆయనకు వీర్య పరీక్ష. ఖర్చు కొన్ని వేలే. ఏఎంహెచ్ అండాల నిల్వ గురించి అంచనా ఇస్తుంది, సహజంగా గర్భం వస్తుందో లేదో చెప్పదు. ఆ అంకె చూసి నిశ్చింతపడనూ వద్దు, బెంబేలెత్తనూ వద్దు. 35 లోపు ఏడాది ప్రయత్నించాక, 35 దాటితే ఆరు నెలలకే నిపుణుల్ని కలవాలన్నది వైద్యుల మాట. నాలుగేళ్లు ఆగితే మీకు 36. ఐవీఎఫ్ ఒక్క విడతకే లక్షన్నర నుంచి రెండున్నర లక్షలవుతుంది, చాలా పాలసీలు సంతానలేమి చికిత్సకు డబ్బివ్వవు. ఆగడానికి కూడా ఖరీదుందని చూపించడానికే ఇది చెబుతున్నాను, ఆయన్ని భయపెట్టడానికి వాడకండి.

బీమాలో తొందర పడాల్సినవి రెండు. ఆఫీసు గ్రూపు పాలసీ తెరిచి ప్రసూతి పరిమితి ఎంత, వెయిటింగ్ ఉందా, పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా అని చూడండి. సొంత పాలసీలో ప్రసూతికి సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్ల వెయిటింగ్ ఉంటుంది, కాన్పు కోసం ఇప్పుడు కొంటే అక్కరకు రాదు. టర్మ్ బీమా మాత్రం ఇద్దరూ ఇప్పుడే తీసుకోండి. గర్భం వచ్చాక దరఖాస్తు చేస్తే కొన్ని కంపెనీలు కాన్పు అయ్యేదాకా వాయిదా వేస్తాయి. ఇంకో మాట: కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో అదే సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి, లేకపోతే జీతంతో సెలవు రాదు. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే ఈ ఆరు నెలల్లోనే తేల్చేయండి.

అంతా మాట్లాడుకున్నాక ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి: ప్రయత్నం ఏ నెలలో మొదలు, ఖాతాలో ఎంత ఉండాలి, వాయిదాకు ఏ కారణాలు చెల్లుతాయి. నా సలహా రెండే కారణాలు: ఎవరి ఉద్యోగమైనా పోవడం, డాక్టరు ఆగమనడం. కొత్త కారు, పెద్ద ఫ్లాట్, ‘ఇంక్రిమెంట్ వచ్చాక చూద్దాం’ లాంటివి చెల్లవని కూడా అందులోనే రాయండి. బదులుగా మీరు ఆయనకు ఇవ్వాల్సిన మాట కూడా ఉంది: ఆ తేదీ వరకు రోజూ ఆ ప్రస్తావన తీసుకురానని. అత్తయ్య, మావయ్యలు అడిగితే ఇద్దరూ ఒకే జవాబు చెప్పండి: ‘తేదీ అనుకున్నాం, వచ్చినప్పుడు చెబుతాం’.

ఆ తేదీ వచ్చి, ఖాతాలో అనుకున్న సొమ్ము ఉండి, అప్పటికీ ఆయన వద్దంటే, ఇద్దరికీ ఒక విషయం తేలినట్టే: అడ్డు లోన్ కాదు. అప్పుడు ఆ డబ్బును ముందస్తు చెల్లింపుకు పంపకండి, ఇద్దరి పేరు మీదే ఉంచండి. కౌన్సెలర్ దగ్గర మాట తేలాకే దాన్ని ముట్టాలి.