కమిటీ మీటింగ్ నోటీసు: అజెండా ముందే ఖాయం చేయండి

"మా అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగ్‌కి నోటీసు రాయాలి. ప్రతిసారీ చివర్లో ఎవరో ఒకరు కొత్త విషయం తెచ్చి గొడవవుతోంది. ఎలా రాయాలండీ?"

చిక్కంతా ‘ఇతర విషయాలు’ అనే ఆఖరి లైనుతోనండీ. మా సొసైటీలో ఒకసారి దాని కిందే లిఫ్ట్ మరమ్మతుకు డబ్బు మంజూరు చేశారు. ఆ రోజు రానివాళ్లు ‘మేం కట్టం’ అన్నారు. ఆ లైను కింద చర్చే తప్ప తీర్మానం ఉండదని నోటీసులోనే రాయండి.

మీటింగ్ 2026 మార్చి 15 ఆదివారం అనుకుందాం. అంశాలు ఇచ్చేవాళ్లు ఫ్లాట్ నంబరు, సంతకంతో 5వ తేదీ సాయంత్రం 6 లోపు సెక్రటరీకి ఇవ్వాలని ముందుగా ప్రకటించండి. తుది అజెండా 8న నోటీసు బోర్డులో, వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలో మాత్రం మీ బైలాస్ చూసుకోండి.

అజెండాలో ‘నీళ్ల ట్యాంకర్లు’ అని వదిలేయకండి. ‘ట్యాంకర్ల ఖర్చు ఫ్లాట్‌కి సమానంగానా, చదరపు అడుగుల లెక్కనా?’ అని రాస్తే జనం ఆలోచించుకుని వస్తారు.